కాటాలో నాలుగు గేజ్‌లు ఎందుకు?

స్ట్రెయిన్ గేజ్ చేసే పని ఒక్కటే. తాను అంటుకుని ఉన్న లోహం ఎంత సాగిందో, ఎంత కుంచించుకుందో తన నిరోధంలో మార్పుగా చూపిస్తుంది. చూడబోతే అది తపాలా బిళ్ళ కన్నా చిన్నది. పల్చని ప్లాస్టిక్ పొర మీద కాన్‌స్టాంటన్ అనే రాగి, నికెల్ మిశ్రమలోహపు రేకు ఉంటుంది. ఆ రేకును రసాయనంతో తొలిచి, పాము మెలికల్లాగా వెనక్కీ ముందుకీ తిరిగే సన్నని తీగ ఆకారం తెస్తారు. దాన్ని ఉక్కు మీద జిగురుతో అతికిస్తే, ఆ తర్వాత ఉక్కు సాగినప్పుడల్లా అదీ సాగుతుంది. సాగిన తీగ పొడవు పెరుగుతుంది, సన్నబడుతుంది కూడా, అందువల్ల నిరోధం పెరుగుతుంది. కుంచించుకుంటే తగ్గుతుంది. తీగను లాగితే నిరోధం మారుతుందని లార్డ్ కెల్విన్ 1856లోనే గమనించాడు. దాన్ని అతికించే గేజ్‌గా మలచడానికి మాత్రం 1938 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది అమెరికాలో ఎడ్వర్డ్ సిమ్మన్స్, ఆర్థర్ రూజ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఈ ఆలోచనకు వచ్చారు.

గేజ్ ఎంత మారుతుందో ఒక చిన్న కాటా లెక్కతో చూడవచ్చు. 24 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పట్టీ ఒకటి ఉందనుకుందాం. దాని ఒక చివర గట్టిగా బిగించి ఉంది, రెండో చివర పళ్ళెం వేలాడుతోంది. పళ్ళెం వేలాడే చోటికి 100 మిల్లీమీటర్ల దూరంలో, పట్టీ పైముఖం మీద గేజ్ అతికించారు. పళ్ళెంలో 10 కిలోలు పెడితే సుమారు 98 న్యూటన్ల బలం పడుతుంది. లెక్క గుండ్రంగా రావడానికి దాన్ని 100 న్యూటన్లు అనుకోవచ్చు. అప్పుడు గేజ్ ఉన్న చోట పట్టీ పైముఖంలో వచ్చే ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు 100 న్యూటన్లు. ఉక్కు యంగ్ గుణకం చదరపు మిల్లీమీటరుకు 2,00,000 న్యూటన్లు కాబట్టి వికృతి 0.0005 అవుతుంది. మీటరు పొడవున్న కడ్డీ అర మిల్లీమీటరు సాగినట్టన్నమాట. ఈ రంగంలో ఉన్నవాళ్ళు దీన్ని 500 మైక్రోస్ట్రెయిన్ అంటారు.

వికృతిని గేజ్ ఫ్యాక్టర్‌తో గుణిస్తే నిరోధంలో ఎన్నో వంతు మారిందో వస్తుంది. లోహపు గేజ్‌లకు ఈ ఫ్యాక్టర్ సుమారు 2. కాటాల్లో ఎక్కువగా వాడే గేజ్ నిరోధం 350 ఓములు.

```
ΔR/R = 2 × 0.0005 = 0.001
ΔR   = 350 × 0.001 = 0.35 Ω
```

10 కిలోల బరువు మోపితే 350 ఓములు కాస్తా 350.35 ఓములు అవుతుంది, అంతే. మామూలు మల్టీమీటరు పెడితే చివరి అంకె మూడో నాలుగో మెట్లు కదులుతుంది. గ్రాము బరువుకు వచ్చే మార్పు ఇందులో పదివేలో వంతు, అంటే 0.000035 ఓము. 350 ఓముల కొండ మీద ఆ ఇసుక రేణువు ఎంత పెరిగిందో కొండతో సహా కొలవడం తెలివైన పని కాదు. కొండను తీసేసి రేణువునే కొలవాలి.

వీట్‌స్టోన్ బ్రిడ్జ్ చేసేది ఆ తీసివేతే. పేరు చార్లెస్ వీట్‌స్టోన్‌ది. 1843లో దీన్ని ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. అయితే అంతకు పదేళ్ళ ముందే, 1833లో, శామ్యూల్ హంటర్ క్రిస్టీ దీన్ని వివరించాడు. నాలుగు నిరోధాలను చతురస్రంలా కలిపితే బ్రిడ్జ్ తయారవుతుంది. ఒక్కో నిరోధాన్ని ఒక భుజం అంటారు. పై మూలకూ కింది మూలకూ బ్యాటరీ కలుపుతారు, ఎడమ మూలకూ కుడి మూలకూ మధ్య వోల్టేజి కొలుస్తారు. దీన్ని ఇంకో రకంగా చూస్తే సులువుగా బోధపడుతుంది. ఎడమవైపు రెండు నిరోధాలు ఒకదాని కింద ఒకటి ఉండి బ్యాటరీ వోల్టేజిని పంచుకుంటాయి, కుడివైపు రెండూ అలాగే పంచుకుంటాయి. నాలుగూ 350 ఓములే అయి, పైన 5 వోల్టులు ఇస్తే ఎడమ మూలలో 2.5 వోల్టులు, కుడి మూలలో 2.5 వోల్టులు ఉంటాయి. రెంటికీ తేడా సున్నా. ఆ సున్నాయే ఖాళీ పళ్ళెం.

ముందుగా ఒక్క భుజమే గేజ్ అయిన సంగతి చూడాలి. ఎడమవైపు కింది నిరోధం స్థానంలో గేజ్ ఉంది, మిగతా మూడూ ఎక్కడో పెట్టెలో కదలకుండా కూర్చున్న మామూలు 350 ఓముల నిరోధాలు. దీన్ని క్వార్టర్ బ్రిడ్జ్ అంటారు. బరువు పెట్టగానే గేజ్ 350.35 అవుతుంది. ఎడమ మూల వోల్టేజి ఇప్పుడు 5 × 350.35 ÷ 700.35, అంటే 2.50125 వోల్టులకు ఒక్క పిసరు తక్కువ. కుడి మూల 2.5 వోల్టుల దగ్గరే ఉంది. తేడా 1.25 మిల్లీవోల్టులు. నిరోధంలో మార్పు వెయ్యో వంతు అయితే, బ్యాటరీ వోల్టేజిలో నాలుగు వేలో వంతు మాత్రమే బయటికి వచ్చింది. ఆ నాలుగు ఎక్కడిదంటే, గేజ్ తన జంటతో వోల్టేజిని పంచుకోవడం వల్ల ఒక సగం పోయింది, ఆ సగంలో మార్పును కూడా మారని జంట నిరోధం మరో సగానికి తగ్గించేసింది. మార్పును x అనుకుంటే పూర్తి సూత్రం ఇది.

```
ఒక్క భుజం:  Vo = V · x / (4 + 2x)
```

అడుగున ఉన్న 2x ఒక చిన్న మెలిక. దాని వల్ల బరువు రెట్టింపైనా వోల్టేజి సరిగ్గా రెట్టింపు కాదు. గేజ్ నిరోధం పెరిగితే దాని గుండా పోయే కరెంటు కూడా కాస్త తగ్గుతుంది కాబట్టి అలా జరుగుతుంది. మన కాటాలో x వెయ్యో వంతే కనుక ఈ తప్పు రెండు వేలో వంతు, అంటే 10 కిలోల దగ్గర 5 గ్రాములు. ప్రయోగశాలలో లోహాన్ని తెగేదాకా లాగే పరీక్షల్లో వికృతి నూటికి ఒక వంతు దాకా పోవచ్చు. అక్కడ ఇదే తప్పు నూటికి ఒకటి అవుతుంది. లాగుడులో తక్కువ చూపుతుంది, నొక్కుడులో ఎక్కువ చూపుతుంది. సూత్రం తెలిసినదే కాబట్టి దీన్ని లెక్కలో సరిచేసుకోవచ్చు. ఒక్క భుజంతో వచ్చే అసలు చిక్కు ఇది కాదు.

ఇప్పుడు నాలుగు భుజాలూ గేజ్‌లైన సంగతి. పట్టీని వంచితే పైముఖం సాగుతుంది, కింది ముఖం అంతే మేర కుంచించుకుంటుంది. పైన రెండు గేజ్‌లు పక్కపక్కన అతికించి, సరిగ్గా వాటి కింద మరో రెండు అతికిస్తారు. బరువు పడితే పైవి 350.35 ఓములు, కిందివి 349.65 ఓములు అవుతాయి. సాగే రెండింటినీ బ్రిడ్జ్‌లో ఎదురెదురు భుజాల్లో పెట్టాలి. ఎడమవైపు కింద ఒకటి, కుడివైపు పైన ఒకటి. కుంచించుకునేవి మిగిలిన రెండు చోట్లకు పోతాయి. ఎడమ మూలలో ఇప్పుడు 5 × 350.35 ÷ 700, అంటే 2.5025 వోల్టులు. కుడి మూలలో 5 × 349.65 ÷ 700, అంటే 2.4975 వోల్టులు. ఒకటి పైకి ఎక్కింది, ఒకటి కిందికి దిగింది. తేడా 5 మిల్లీవోల్టులు. ఒక్క గేజ్ ఇచ్చిన దానికి నాలుగింతలు.

```
నాలుగు భుజాలు:  Vo = V · x
```

అడుగున ఇప్పుడు 700 ఉంది, 700.35 కాదు. ఒకటి ఎంత పెరిగిందో దాని జంట అంతే తగ్గింది కాబట్టి మొత్తం మారలేదు, కరెంటూ మారలేదు. అందుకే ముందు చూసిన 5 గ్రాముల మెలిక ఇక్కడ లేనే లేదు. బరువుకు తగ్గట్టు వోల్టేజి సరళరేఖలో పెరుగుతుంది. ఇచ్చిన ఒక్కో వోల్టుకు ఒక్కో మిల్లీవోల్టు వచ్చింది కాబట్టి ఈ పట్టీ సున్నితత్వాన్ని వోల్టుకు 1 మిల్లీవోల్టు అని రాస్తారు. బజారులో దొరికే లోడ్ సెల్‌ల మీద సాధారణంగా వోల్టుకు 2 మిల్లీవోల్టులు అని కనిపిస్తుంది. అక్కడ లోహాన్ని ఇంతకు రెట్టింపు సాగనిస్తారన్నమాట.

నాలుగింతలు కావాలంటే మూడు గేజ్‌లు అదనంగా అతికించడం ఎందుకు, ఒక్క గేజ్‌కే 5 వోల్టుల బదులు 20 వోల్టులు ఇస్తే పోలేదా అనిపిస్తుంది. లెక్క ప్రకారం 5 మిల్లీవోల్టులు వస్తాయి కూడా. కానీ గేజ్ వేడెక్కుతుంది. 5 వోల్టుల దగ్గర ఒక్కో గేజ్ మీద 2.5 వోల్టులు పడి, అది సుమారు 18 మిల్లీవాట్ల వేడిని పుట్టిస్తుంది. వోల్టేజి నాలుగింతలైతే వేడి పదహారింతలై 286 మిల్లీవాట్లకు చేరుతుంది. గోరంత రేకు ఆ వేడిని జిగురు గుండా ఉక్కులోకి పంపలేక కాగిపోతుంది, కాటా అంకెలు నిలకడగా ఉండవు. పైగా వోల్టేజి పెంచితే బరువు సంకేతంతో పాటు వేడి వల్ల వచ్చే తప్పుడు సంకేతమూ నాలుగింతలవుతుంది. ఒక్క గేజ్‌ను గట్టిగా అరిపించినంత మాత్రాన అది చెప్పేది మరింత నిజం కాదు.

పాఠ్యపుస్తకాల్లో ఈ అంశం సాధారణంగా నాలుగింతలు అనే మాట దగ్గర ముగుస్తుంది. కాటా తయారుచేసేవాడికి అది రెండో లాభం. మొదటి లాభం ఏమిటో తెలియాలంటే గేజ్‌ను వదిలి, గేజ్ నుంచి మీటరు దాకా పోయే వైరును చూడాలి.

ఒక్క గేజ్ ఉన్న కాటాలో గేజ్ పట్టీ మీద ఉంటుంది, మిగతా మూడు నిరోధాలు ఐదు మీటర్ల దూరంలో మీటరు పెట్టెలో ఉన్నాయనుకుందాం. గేజ్ నుంచి రెండు రాగి వైర్లు వస్తాయి. వెళ్ళేది ఐదు మీటర్లు, వచ్చేది ఐదు మీటర్లు, మొత్తం పది. పావు చదరపు మిల్లీమీటరు మందం ఉన్న వైరుకు ఆ పొడవులో నిరోధం సుమారు 0.69 ఓము. గేజ్ ఉన్న భుజంలోనే ఇదీ కూర్చుంటుంది. ఉదయం కాటాను సున్నాకు సరిచేసినప్పుడు ఇదీ ఆ సున్నాలో కలిసిపోతుంది, బాధ లేదు. మధ్యాహ్నానికి వైరు 10 డిగ్రీలు వేడెక్కింది. రాగి నిరోధం డిగ్రీకి నూటికి 0.39 వంతు చొప్పున పెరుగుతుంది కాబట్టి వైరు నిరోధం 0.027 ఓము పెరిగింది. ఆ మార్పు గేజ్‌ది కాదు, వైరుది అని బ్రిడ్జ్‌కు తెలిసే దారి లేదు. 10 కిలోలకు 0.35 ఓము అయితే 0.027 ఓముకు ఎంత? సుమారు 770 గ్రాములు. ఖాళీ పళ్ళెం ముప్పావు కిలో చూపిస్తుంది. పట్టీ కదలలేదు, గేజ్ సాగలేదు, ఎండ మాత్రం వైరు మీద పడింది.

అదే వైరును నాలుగు గేజ్‌ల కాటాకు వేస్తే కథ మారుతుంది. నాలుగు గేజ్‌లూ పట్టీ మీదే కలిసి ఉన్నాయి, బ్రిడ్జ్ అక్కడే పూర్తయిపోయింది. వైరు ఏ భుజంలోనూ లేదు. రెండు వైర్లు బ్రిడ్జ్‌కు వోల్టేజి తీసుకుపోతాయి, రెండు వైర్లు సంకేతాన్ని తెస్తాయి. సంకేతం తెచ్చే వైర్లలో దాదాపు కరెంటే పోదు కాబట్టి వాటి నిరోధం పట్టించుకోనక్కర లేదు. వోల్టేజి తీసుకుపోయే వైర్లు వేడెక్కితే బ్రిడ్జ్‌కు చేరే వోల్టేజి ఓ పిసరు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందంటే 350లో 0.027, అంటే పదమూడు వేలో వంతు. ఖాళీ పళ్ళెం అయితే సున్నాలో ఎంత వంతు తగ్గినా సున్నాయే. పూర్తి 10 కిలోలు పెట్టినప్పుడు వచ్చే తప్పు ముక్కాలు గ్రాము. అక్కడ 770 గ్రాములు, ఇక్కడ 0.77 గ్రాము. తేడా నాలుగింతలు కాదు, వెయ్యింతలు. ఒక్క భుజంలో వైరు మార్పు బరువుతో కూడుకుంటుంది, నాలుగు భుజాల్లో అది బరువును గుణిస్తుంది. దూరం ఎక్కువైన పెద్ద కాటాలకు ఆ మిగిలిన పిసరు కూడా లేకుండా మరో రెండు వైర్లు వేస్తారు. బ్రిడ్జ్‌కు నిజంగా చేరిన వోల్టేజి ఎంతో అవి వెనక్కి చెబుతాయి. లోడ్ సెల్‌ల్లో నాలుగు వైర్లవీ ఆరు వైర్లవీ కనిపించడానికి కారణం ఇదే.

గేజ్‌కు తగిలే వేడి కూడా ఇదే దారిలో పోతుంది. ఉక్కు కోసం చేసిన గేజ్‌ను పొరపాటున అల్యూమినియం పట్టీకి అతికించారనుకుందాం. అల్యూమినియం డిగ్రీకి పది లక్షల్లో 23 వంతులు వ్యాకోచిస్తుంది, ఉక్కు 11 వంతులే. 10 డిగ్రీలు మారేసరికి ఒక్క గేజ్ ఏ బరువూ లేకుండానే 120 మైక్రోస్ట్రెయిన్ చూపిస్తుంది. మన 10 కిలోలకు వచ్చేది మొత్తం 500 మాత్రమే. నాలుగు గేజ్‌లుంటే నాలుగూ ఒకే మేర పెరుగుతాయి, పక్కపక్క భుజాల్లో ఉన్నవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, మూలల్లో వోల్టేజి కదలదు. పట్టీని పొడవునా లాగినా అంతే, నాలుగూ ఒకేలా సాగుతాయి కాబట్టి బ్రిడ్జ్ దాన్ని లెక్కచేయదు. వంపును మాత్రమే చూస్తుంది. అయితే నాలుగూ ఒకే వేడిలో ఉండాలి. పైముఖానికి ఎండ తగిలి కింది ముఖం నీడలో ఉంటే ఈ రద్దు సగంలోనే ఆగిపోతుంది.

ఈ మార్గంలో రద్దు కానివీ ఉన్నాయి. కాన్‌స్టాంటన్ రేకుకు రాగి వైరు అతికిన చోట రెండు వేరు లోహాలు కలుస్తాయి. అలాంటి అతుకు వేడికి తగ్గట్టు డిగ్రీకి సుమారు 40 మైక్రోవోల్టులు పుట్టిస్తుంది. గేజ్‌కున్న రెండు అతుకుల మధ్య డిగ్రీలో పదో వంతు తేడా ఉన్నా 4 మైక్రోవోల్టులు పుడతాయి, బ్రిడ్జ్ బయట అందులో సగం కనిపిస్తుంది. ఒక్క భుజం కాటాలో గ్రాముకు వచ్చే సంకేతం 0.125 మైక్రోవోల్టు కాబట్టి ఈ 2 మైక్రోవోల్టులు 16 గ్రాముల తప్పు. నాలుగు భుజాల్లో గ్రాముకు 0.5 మైక్రోవోల్టు వస్తుంది కాబట్టి అదే 4 గ్రాములు. యాంప్లిఫయర్ గోల కూడా ఈ కోవలోదే. వీటి విషయంలో లాభం నిజంగానే నాలుగింతలు, అంతకు మించి లేదు.

ఇంత లాభం ఉన్నా చాలాచోట్ల ఒక్క గేజ్‌తోనే సరిపెట్టుకోవాలి. రోడ్డు వంతెన కింద గర్డరు ఎంత సాగుతుందో చూడాలన్నా, విమానం రెక్క మీద ఒక బిందువు దగ్గర వికృతి తెలియాలన్నా, అక్కడ ఒకే మేర కుంచించుకునే ఎదురు ముఖం దొరకదు. దొరికినా చేయి చొరదు. యాభై చోట్ల కొలవాల్సి వస్తే యాభై గేజ్‌లు అతికించడమే పెద్ద పని, రెండు వందలు అనుకోవడానికీ లేదు. అక్కడ వైరు బాధకు మూడో వైరు వేస్తారు. గేజ్ ఒక కాలి నుంచి ఒక వైరు, రెండో కాలి నుంచి రెండు వైర్లు వస్తాయి. ఒక వైరు గేజ్ ఉన్న భుజంలో పడుతుంది, మరొకటి పక్క భుజంలో పడుతుంది, మూడోది కరెంటు మోయకుండా మీటరుకు పోతుంది. రెండు వైర్లూ ఒకే ఎండలో ఒకేలా వేడెక్కుతాయి కాబట్టి పక్క భుజాల్లో రద్దవుతాయి. ముప్పావు కిలో తప్పును పోగొట్టడానికి ఇంతకన్నా చౌక మార్గం లేదు. గేజ్ వేడి బాధకు మరో గేజ్‌ను అదే లోహపు ముక్కకు అతికించి, ఆ ముక్కను ఏ బలమూ తగలకుండా పక్కన పెట్టి, పక్క భుజంలో కలుపుతారు. దాన్ని డమ్మీ గేజ్ అంటారు. వోల్టేజి మాత్రం పెరగదు, 1.25 మిల్లీవోల్టుల దగ్గరే ఉంటుంది.

నాలుగు గేజ్‌లు పెట్టినా నాలుగింతలు రాని చోట్లూ ఉన్నాయి. లారీలు తూచే వేబ్రిడ్జ్ కింద కొన్ని రకాల్లో ఉక్కు స్తంభాలు నిలువుగా ఉండి బరువు మోస్తాయి. నిలువు స్తంభంలో వంపు లేదు, అంతా నొక్కుడే. కుంచించుకునే గేజ్‌లు దొరుకుతాయి గానీ అంతే మేర సాగేవి ఎక్కడివి? స్తంభం పొడవు తగ్గినప్పుడు అడ్డంగా కాస్త ఉబ్బుతుంది. ఉక్కులో ఆ ఉబ్బు నిలువు మార్పులో 0.3 వంతు, దీన్నే పాయిజన్ నిష్పత్తి అంటారు. రెండు గేజ్‌లు నిలువుగా, రెండు అడ్డంగా అతికిస్తే 1, 1, 0.3, 0.3 కలిసి 2.6 ఇంతలు వస్తుంది. వేడి మాత్రం పూర్తిగా రద్దవుతుంది, ఎందుకంటే ఆ రద్దుకు కావాల్సింది నాలుగూ ఒకే చోట ఉండటమే. కాకపోతే పెరిగేదీ తగ్గేదీ సమానం కావు కాబట్టి సరళరేఖ నుంచి కాస్త పక్కకు తొలగడం మళ్ళీ తలెత్తుతుంది.

నాలుగు గేజ్‌ల బ్రిడ్జ్‌లో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం వైర్లు కలపడంలోనే జరుగుతాయి, అవి వోల్టేజిలోనే బయటపడతాయి. సాగే రెండు గేజ్‌లను ఎదురెదురుగా కాకుండా పక్కపక్క భుజాల్లో పెడితే, రెండు మూలలూ కలిసి కదులుతాయి లేదా అసలు కదలవు. ఏదైనా తేడా సున్నాయే. పట్టీ కళ్ళెదుట వంగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం నోరు మెదపదు. గేజ్‌లు చెడిపోయాయని తీసిపారేసే ముందు రెండు వైర్లు మార్చి చూడటం మంచిది. మన లెక్క కాటాలో 10 కిలోలకు 5 మిల్లీవోల్టులు రావాలి. 2.5 వస్తుంటే ఒక గేజ్ తప్పు ముఖం మీద ఉందన్నమాట, అది మిగతా మూడింటిలో ఒకదాన్ని చంపేస్తోంది. 3.75 వచ్చి, పైగా సున్నా నిలవకుండా జారుతుంటే ఒక గేజ్ జిగురు వదిలేసింది. వోల్టులకు వోల్టులు వస్తుంటే ఒక భుజం తెగిపోయింది.

వైర్ల రంగులు చెరిగిపోయిన బ్రిడ్జ్‌ను మల్టీమీటరుతోనే గుర్తుపట్టవచ్చు. బ్యాటరీ తీసేసి నాలుగు వైర్లలో ఏ రెండింటి మధ్య ఎంత నిరోధం ఉందో చూడాలి. ఎదురెదురు మూలలైతే 350 ఓములు చూపిస్తుంది. పక్కపక్క మూలలైతే ఒక భుజం ఒకవైపు, మిగతా మూడు భుజాలు ఇంకోవైపు సమాంతరంగా ఉంటాయి కాబట్టి 262.5 ఓములు చూపిస్తుంది. ఎక్కడైనా 700 కనిపిస్తే ఒక భుజం తెగింది. బజారులో కొన్న లోడ్ సెల్‌లో ఒక జతకు 350, ఎదురు జతకు 400 దగ్గర రావడం మామూలే. వోల్టేజి ఇచ్చే వైపు చిన్న సవరణ నిరోధాలు అమర్చి ఉండటం వల్ల అలా వస్తుంది. 400 చూపించే జతకే బ్యాటరీ కలపాలి.

ఇళ్ళల్లో ఒళ్ళు తూచుకునే గాజు కాటాల్లో ఈ బ్రిడ్జ్ విచిత్రంగా నాలుగు ముక్కలై ఉంటుంది. నాలుగు మూలల్లోని నాలుగు కాళ్ళలో ఒక్కో దాంట్లో రెండేసి గేజ్‌లు, మూడేసి వైర్లు ఉంటాయి. ఒక గేజ్ సాగుతుంది, ఒకటి కుంచించుకుంటుంది. ఒక్కో కాలిది సగం బ్రిడ్జ్. నాలుగు కాళ్ళ సాగే గేజ్‌లను ఎదురెదురు భుజాల్లో జతలు జతలుగా, కుంచించుకునేవాటిని మిగతా రెండు భుజాల్లో జతలు జతలుగా చుట్టూ కలిపితే ఎనిమిది గేజ్‌లతో ఒకే పెద్ద బ్రిడ్జ్ తయారవుతుంది. మనిషి ఏ కాలి మీద ఎక్కువ బరువు మోపినా మొత్తమే బయటికి వస్తుంది. ఇలాంటి కాటా విప్పి, మూడు వైర్లున్న ఒక్క కాలిని నాలుగు వైర్ల లోడ్ సెల్ అనుకుని మీటరుకు కలిపేవాళ్ళకు అర్థం లేని అంకెలు వస్తాయి. అక్కడున్నది సగమే. రెండు మామూలు నిరోధాలు తెచ్చి మిగతా సగం కట్టుకుంటే ఆ ఒక్క కాలే చిన్న కాటాగా పనిచేస్తుంది. రెండు గేజ్‌లే ఉన్నాయి కాబట్టి సంకేతం నాలుగింతలు కాదు, రెండింతలు.